బ్లాక్-2 ఎనర్జీ ఆడిట్ రిపోర్ట్: లైట్లు, ఫ్యాన్లు, ఏసీల మీద ఎంత మిగులుద్ది

ప్రిన్సిపాల్ గారికి, మేనేజ్‌మెంట్ కమిటీకి, ట్రిపుల్ ఈ డిపార్ట్‌మెంట్ నుంచి.

సార్, మన బ్లాక్-2కి ఉన్న సబ్‌మీటర్ ప్రకారం పోయిన ఏడాది 1,02,000 యూనిట్లు కాలినయ్. మేము, థర్డ్ ఇయర్ పిల్లలు కలిసి రూమ్ రూమ్ తిరిగి ప్రతి పాయింట్ లెక్కపెట్టి, ఎన్ని గంటలు నడుస్తుందో అటెండర్లని, ల్యాబ్ వాళ్లని అడిగి రాసుకుని ఈ రిపోర్ట్ చేశాం. యూనిట్‌కి 9 రూపాయలు పట్టుకున్నాం, అది బిల్లులో యూనిట్ మీద పడే డబ్బు మాత్రమే, ఫిక్స్‌డ్ ఛార్జీలు ఇందులో కలపలేదు ఎందుకంటే లైట్లు మార్చినంత మాత్రాన అవి తగ్గవు. సామాన్ల రేట్లు ట్రూప్ బజార్‌లో మూడు షాపుల్లో అడిగి మధ్య రేటు తీసుకున్నాం.

ముందే ఒక మాట చెప్తాం. ఏ సామాను పాతదైంది అని కాదు, ఏది ఎక్కువ గంటలు నడుస్తుంది అని చూసి డబ్బు పెట్టాలి. అదే ఫ్యాన్ లైబ్రరీలో మారిస్తే మూడేళ్ల లోపే డబ్బు తిరిగొస్తది, క్లాస్‌రూమ్‌లో మారిస్తే ఏడేళ్లు పడుద్ది.

లైట్లు

బ్లాక్ మొత్తం 320 ట్యూబ్‌లైట్లు, అన్నీ పాత 36 వాట్లవి, కాపర్ చోక్‌తో. ట్యూబ్ మీద 36 అని ఉంటది గానీ చోక్ కూడా తింటది కదా, కలిపి 50 వాట్లు వస్తుంది. ఇది క్లాంప్ మీటర్‌తో చూసి వోల్టేజ్‌తో గుణిస్తే తేలదు, ఎందుకంటే కాపర్ చోక్‌కి పవర్ ఫ్యాక్టర్, అంటే వోల్టేజ్ ఇంటూ కరెంట్‌లో నిజంగా వాట్లుగా లెక్కకొచ్చే వంతు, 0.5 దగ్గర ఉంటది, 0.43 ఆంప్స్ ఇంటూ 230 అంటే 99 వస్తుంది, అది వోల్ట్ ఆంపియర్లు, వాట్లు కాదు. అలా లెక్క కడితే ఆదా డబుల్ కంటే ఎక్కువ కనిపిస్తది, తర్వాత బిల్లు చూసి ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబు ఉండదు. అందుకే ల్యాబ్‌లో ఉన్న వాట్‌మీటర్ పెట్టి ఒక లైన్ మొత్తం కొలిచాం.

20 వాట్ల ఎల్ఈడీ ట్యూబ్ పెడితే ఒక్కోదానికి 30 వాట్లు తగ్గుద్ది. 320 × 30 = 9.6 కిలోవాట్లు. రోజుకి 6 గంటలు, ఏడాదికి 220 పని దినాలు అంటే 1,320 గంటలు. 9.6 × 1,320 = 12,672 యూనిట్లు, అంటే రూ. 1,14,048. ట్యూబ్, బిగింపు కలిపి ఒక్కోదానికి 300 చొప్పున ఖర్చు రూ. 96,000. పది నెలల్లో వచ్చేస్తది.

వెలుతురు తగ్గుద్దేమో అని పిల్లలకి డౌట్ వచ్చింది, అందుకే ఒక క్లాస్‌రూమ్‌లో ముందే మార్చి చూశాం. పాత ట్యూబులు చివర్లు నల్లబడి బెంచీ మీద 210 లక్స్ ఇస్తున్నాయి, ఎల్ఈడీతో 320 వచ్చింది. క్లాస్‌రూమ్‌కి 300 కావాలి కాబట్టి ఇది సరిపోద్ది. కొనేటప్పుడు వాట్‌కి 100 ల్యూమెన్లు తగ్గకుండా, పవర్ ఫ్యాక్టర్ 0.9 పైన ఉన్నవే తీసుకోవాలి, రేటు తక్కువని లోకల్ మాల్ వద్దు సార్.

ఇంకోటి, పొద్దున 11కి లైట్లన్నీ ఆపి చూస్తే కిటికీ పక్క బెంచీల మీద 450 లక్స్ ఉంది, కారిడార్ వైపు 110 మాత్రమే. కానీ కిటికీ వరసకి విడిగా స్విచ్ లేదు, ఒకటి వేస్తే అన్నీ వెలుగుతాయి. 20 క్లాసుల్లో కిటికీ వైపు 4 ట్యూబులకి వేరే స్విచ్ ఇస్తే, రోజుకి 4 గంటలు ఆపొచ్చు. ఎల్ఈడీ వేశాక లెక్క ఇది, 80 × 20 వాట్లు = 1.6 కిలోవాట్లు, 880 గంటలకి 1,408 యూనిట్లు, రూ. 12,672. వైరింగ్ రూమ్‌కి 700 చొప్పున 14,000.

ఫ్యాన్లు

ఏసీ గదులవి వదిలేస్తే 260 ఫ్యాన్లు. ఫుల్ స్పీడ్‌లో సగటున 72 వాట్లు తీసుకుంటున్నాయి, తక్కువ కరెంట్‌తో నడిచే బీఎల్‌డీసీ మోటార్ ఫ్యాన్ అయితే 30, అంటే 42 తేడా. రోజంతా ఫుల్ మీద ఉండవు కాబట్టి 0.8తో గుణించాం.

లైబ్రరీ, రీడింగ్ హాల్‌లో 40 ఫ్యాన్లు రోజుకి 12 గంటలు, 300 రోజులు నడుస్తాయి. 1.68 కిలోవాట్లు × 3,600 గంటలు × 0.8 = 4,838 యూనిట్లు, దాదాపు రూ. 43,500. బిగింపుతో ఫ్యాన్ 2,950 చొప్పున ఖర్చు 1,18,000. రెండేళ్ల తొమ్మిది నెలల్లో తీరుతుంది, ఇవి ఇప్పుడే మార్చాలి.

మిగతా 220 క్లాస్‌రూమ్‌లవి, ఏడాదికి 1,400 గంటలే. 10,349 యూనిట్లు ఆదా, రూ. 93,000 పైన, కానీ ఖర్చు 6,49,000. అంత డబ్బు ఒకేసారి పెట్టమని మేము చెప్పం. ఏ ఫ్యాన్ కాలిపోతే దాన్ని రీవైండింగ్‌కి పంపకుండా బీఎల్‌డీసీ తీసుకుంటే చాలు, మామూలు కొత్త ఫ్యాన్ కంటే 1,200 ఎక్కువ, ఏడాదికి 423 మిగులుద్ది, మూడేళ్ల లోపే ఆ తేడా తీరిపోద్ది. ఒక జాగ్రత్త, రిమోట్‌తో మాత్రమే నడిచే మోడల్ క్లాస్‌రూమ్‌కి పనికిరాదు, వారంలో రిమోట్ మాయమవుద్ది. గోడ మీద నుంచి స్పీడ్ మార్చే మోడలే అడగాలి, పాత రెగ్యులేటర్‌తో నడుస్తుందా లేక దాన్ని తీసేయాలా అని షాపులోనే తేల్చుకోవాలి. పాత డబ్బా రెగ్యులేటర్లు ఇంకా 31 ఉన్నాయి, అవి స్పీడ్ తగ్గించినా మిగిలిన కరెంట్‌లో చాలా భాగాన్ని వేడిగా మార్చి పారేస్తాయి, ముట్టుకుంటే చెయ్యి కాలుద్ది, వీటిని వెంటనే తీసేయాలి.

ఏసీలు

1.5 టన్ను స్ప్లిట్ ఏసీలు 18, పాత నాన్ ఇన్వర్టర్ మోడళ్లు. కంప్యూటర్ ల్యాబ్‌లో 8, ఆఫీసు గదుల్లో 4, సెమినార్ హాల్‌లో 6. అన్నీ కలిపి ఏడాదికి 19,100 ఏసీ గంటలు. ఎక్కడ చూసినా రిమోట్ మీద 18 ఉంది. 18 పెడితే గది తొందరగా చల్లబడదు సార్, కంప్రెసర్ ఆగకుండా నడుస్తది అంతే. కేంద్ర ప్రభుత్వ బీఈఈ ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అంటుంది, 2020 నుంచి వచ్చే రూమ్ ఏసీలకి 24 డిఫాల్ట్‌గా పెట్టించింది కూడా. మనవి అంతకంటే పాతవి. ల్యాబ్‌లో ఒక ఏసీకి మీటర్ పెట్టి వారం 18 మీద, వారం 25 మీద నడిపాం. గంటకి 1.45 యూనిట్ల నుంచి 1.02కి దిగింది, అంటే 30 శాతం.

0.43 × 19,100 = 8,213 యూనిట్లు. 25 మీద హాయిగా ఉండాలంటే ఆ గదుల్లో ఇప్పుడు ఆపేసి ఉంచుతున్న 24 ఫ్యాన్లు మెల్లగా తిరగాలి, వాటికి ఎక్కువలో ఎక్కువ 2,419 యూనిట్లు పోతాయి. నికరంగా 5,794 యూనిట్లు, రూ. 52,146, పెట్టుబడి సున్నా. ఫిల్టర్లు నెలకోసారి కడగాలి, మేము తీసిన వాటిలో ల్యాబ్ వెనక రెండిటికి దుమ్ము దుప్పటిలా పట్టి ఉంది. టెర్రస్ మీద రెండు అవుట్‌డోర్ యూనిట్లు ఎదురెదురుగా ఉన్నాయి, ఒకదాని వేడి గాలి ఇంకోదానిలోకి పోతుంది, మే నెల ఎండలో అది ఇంకా ఎక్కువ, ఒకదాన్ని తిప్పి పెట్టించాలి.

కొత్త ఫైవ్ స్టార్ ఇన్వర్టర్లు ల్యాబ్‌కి ఇప్పుడు వద్దు. గంటకి 0.32 తగ్గినా 3,584 యూనిట్లు, రూ. 32,000, ఖర్చు ఎక్స్‌ఛేంజ్ పోను 3,28,000, పదేళ్లు పడుద్ది. కంప్రెసర్ పోయినప్పుడు చూద్దాం.

మొదటి విడతకి లైట్లు, స్విచ్చులు, లైబ్రరీ ఫ్యాన్లు కలిపి రూ. 2,28,000 కావాలి. ఏసీ సెట్టింగ్ కూడా కలుపుకుంటే ఏడాదికి 24,712 యూనిట్లు, రూ. 2,22,408 మిగులుద్ది, బ్లాక్ వాడకంలో 24 శాతం. సెమిస్టర్ సెలవుల్లో పని చేస్తే క్లాసులకి ఇబ్బంది ఉండదు, అందుకే ఈ నెల మీటింగ్‌లోనే ఎల్ఈడీల ఆర్డర్‌కి సంతకం చేయండి సార్. పని అయ్యాక మూడు నెలలు సబ్‌మీటర్ రీడింగ్ ప్రతి సోమవారం మేమే రాసి మీకు పంపిస్తాం.