రీఅసెస్‌మెంట్ నోటీసుపై హైకోర్టుకు వెళ్లాలా? న్యాయాభిప్రాయం

ప్రాక్టికల్ స్కిల్స్ పరీక్ష: అభిప్రాయ పత్రం
తేదీ: 1-9-2025
క్లయింట్: హనుమకొండ హోల్‌సేల్ కిరాణా వ్యాపారి
విషయం: 2021-22 అసెస్‌మెంట్ సంవత్సరం, ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 148 కింద రీఅసెస్‌మెంట్ నోటీసు

మా సలహా: సవాలు చేయండి. తెలంగాణ హైకోర్టులో రిట్ వేయడానికి గట్టి కారణం ఉంది. అయితే నోటీసు అడిగిన రిటర్ను మాత్రం ఆపవద్దు.

మీరు 2004 జూన్‌లో రూ.8 లక్షలకు కొన్న ప్లాటును 2020 డిసెంబరులో రూ.64 లక్షలకు అమ్మారు. ఆ లాభాన్ని రిటర్నులో చూపలేదు. ముందుగా వివరణ అడిగే సెక్షన్ 148ఎ నోటీసు 20-6-2025న వచ్చింది. జవాబుతో పాటు మీరు కొనుగోలు దస్తావేజు ఇచ్చారు. 8-8-2025న అధికారి ఉత్తర్వు, 148 నోటీసు రెండూ ఇచ్చారు. రూ.64 లక్షలూ తప్పించుకున్న ఆదాయమేనన్నారు. దస్తావేజు గురించి ఉత్తర్వులో ఉన్నది ఒక్క వాక్యమే: "అసెస్‌మెంట్‌లో పరిశీలిస్తాం."

కేసు బలమంతా ఇక్కడే ఉంది. సెక్షన్ 149 ప్రకారం 148 నోటీసుకు మామూలు గడువు మూడేళ్ల మూడు నెలలు. అది 30-6-2025తో అయిపోయింది. 148ఎ నోటీసుకు ఉన్న మూడేళ్లు అంతకుముందే, 31-3-2025న ముగిశాయి. గడువు దాటాక నోటీసు ఇవ్వాలంటే తప్పించుకున్న "పన్ను విధించదగిన ఆదాయం" రూ.50 లక్షలు లేదా ఆపైన ఉండాలి. అమ్మకం ధర మొత్తం ఆదాయం కాదు. ధరల పెరుగుదలను బట్టి కొన్న ఖరీదును సవరించే ఇండెక్స్ 113 నుంచి 301కి పెరిగింది కాబట్టి కొన్న ఖరీదు సుమారు రూ.21.31 లక్షలవుతుంది. మిగిలే లాభం రూ.42.69 లక్షలే. 2011లో కట్టించిన ప్రహరీకి బిల్లులు లేవు కనుక ఆ ఖర్చును లెక్కలోకి తీసుకోలేదు. రిజిస్ట్రేషన్ విలువ రూ.61 లక్షలు. అది అమ్మిన ధర కంటే తక్కువ కాబట్టి సెక్షన్ 50సితో లాభం పెరగదు.

"ఈ దశలో ప్రాథమిక ఆధారం చాలు" అని శాఖ వాదిస్తుంది. ఆ వాదనను తేలిగ్గా తీసుకోకూడదు. కానీ దస్తావేజు చేతిలో ఉండగానే అధికారి దాన్ని పక్కన పెట్టారు. గడువు అధికార పరిధికి సంబంధించిన విషయం. అందువల్ల అప్పీలు దారి ఉన్నా రిట్‌కు వీలుంటుంది. నోటీసు అధికారి ముఖాముఖి లేకుండా ఆన్‌లైన్‌లో జరిగే ఫేస్‌లెస్ పద్ధతిలో కాక స్థానిక అధికారి నుంచి వచ్చింది. ఇలాంటి నోటీసులు చెల్లవని ఇదే హైకోర్టు 2023లో తీర్పిచ్చింది. ఢిల్లీ హైకోర్టు మరోలా చెప్పింది కాబట్టి దీన్ని రెండో కారణంగానే పెడదాం.

రిట్ వీగిపోతే పన్ను, సెస్సు కలిపి సుమారు రూ.8.9 లక్షలు కట్టాలి, వడ్డీ అదనం. పెనాల్టీ ఆ పన్నులో 50 శాతం లేదా 200 శాతం పడవచ్చు. లాభాన్ని దాచిన మాట నిజమే కనుక ఆ టెన్షన్ మీకు ఉండటం సహజం. రిట్ మాత్రం లాభం ఉందా లేదా అన్న దాని మీద కాదు, గడువు మీదే నడుస్తుంది.

నోటీసులో ఇచ్చిన గడువు 30-9-2025. ఆ లోపు లాభాన్ని ఉన్నదున్నట్టు చూపి, గడువు అభ్యంతరాన్ని వదులుకోవడం లేదని విడిగా లేఖ రాసి రిటర్ను వేయండి. స్టే కోరుతూ రిట్ ఈ నెల 15 లోపు దాఖలు చేద్దాం. 2004 దస్తావేజు సర్టిఫైడ్ కాపీ, పోర్టల్‌లో జవాబు అప్‌లోడ్ చేసిన రసీదు ఈ వారంలోనే పంపండి.