కత్తులు, కవచాలు చేతితో పరిశీలించే కార్యక్రమం: పాటించవలసిన నియమాలు

విజయవాడ

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయురాలు గారికి,

నమస్కారములు. వచ్చే శనివారం ఉదయం గుంటూరు నుంచి మీ తొమ్మిదో తరగతి విద్యార్థులు బందరు రోడ్డులోని మా మ్యూజియానికి వస్తున్నారని తెలిసి సంతోషించాము. ఆ రోజు అద్దాల పెట్టెల్లోనివి కాక, ఒక తల్వారు, ఒక డాలు, గొలుసు కవచపు ముక్క ఒకటి బల్లమీద ఉంచి పిల్లలు ముట్టుకునేందుకు అధికారులు అనుమతించారు. ఆ బల్ల దగ్గర నిలబడే స్వచ్ఛంద సేవకుడిగా కొన్ని నియమాలను కారణాలతో సహా ముందే తెలియజేస్తున్నాను.

ఉత్త చేతులతో దేనినీ తాకకూడదు. చెమటలోని ఉప్పు ఇనుమును తింటుంది. కృష్ణ ఒడ్డున ఉండే ఈ ఉక్కపోతలో ఇవాళ పడిన వేలిముద్ర కొద్ది రోజుల్లోనే తుప్పు మరకై తేలుతుంది. నైట్రైల్ తొడుగులు మేమే ఇస్తాము. నూలు తొడుగులు జారతాయి, వాటి పోగులు కవచపు కడియాలకు చిక్కుకుంటాయి కనుక వాటిని తేవద్దు. ఉంగరాలు, గాజులు, చేతి గడియారాలు, మెడలో వేలాడే గుర్తింపు కార్డులు ముందే తీసి ఉపాధ్యాయులకు అప్పగించాలి.

తల్వారును పిడి ఒక్కటే పట్టుకుని ఎత్తకూడదు. ఈ రకం కత్తుల్లో పిడిని సాధారణంగా లక్కతో అతికించేవారు; ఏళ్లు గడిచి ఆ లక్క పెళుసెక్కితే, పిడి చేతిలో మిగిలి అలుగు కాలిమీద పడవచ్చు. అందుచేత ఒక చేయి పిడికింద, రెండో చేయి అలుగుకింద ఉంచి, బల్లకు జానెడు ఎత్తు దాటకుండా మాత్రమే ఎత్తాలి. ఒరలోంచి కత్తి దూయడం పూర్తిగా నిషేధం. పాత ఒర కుట్టు విడిపోయి ఉంటే, దాని చుట్టూ బిగించిన వేళ్లను లోపలి పదును కోస్తుంది. పిల్లలకు అన్నిటికన్నా దూయాలనే ఉంటుందని నాకు తెలుసు, అందుకే ఆ ఒరను నా చేతిలోనే ఉంచుకుంటాను.

గొలుసు కవచాన్ని ట్రేతో సహా కదిలించాలే తప్ప ఒక అంచు పట్టుకుని వేలాడదీయకూడదు, ఎందుకంటే దాని బరువుకే పాత కడియాలు తెగిపోతాయి. ఎవరూ దానిని తొడుక్కోరాదు. డాలును లోపలి తోలు పట్టీలతో కాక రెండు అంచులతో పట్టుకోవాలి.

మరొక మాట. దసరాకు ఆయుధపూజ చేసే అలవాటున్న మనకు కత్తి కనబడగానే పసుపు, కుంకుమ పెట్టాలనిపిస్తుంది. నల్లబడిన లోహాన్ని చూస్తే చింతపండుతో తోమాలనిపిస్తుంది. దయచేసి రెండూ వద్దని పిల్లలకు చెప్పండి. చింతపండు పులుపు నలుపుతోపాటు ఉక్కుమీది పాత పనితనాన్ని కూడా తీసుకుపోతుంది.

పదిమంది చొప్పున లోపలికి పంపి, ప్రతి బృందంతో ఒక ఉపాధ్యాయుడిని ఉంచగలరు. నీళ్ల సీసాలు, సంచులు బయటే ఉండాలి. ఫోటోలు తీసుకోవచ్చు, కత్తి చేతపట్టుకుని మాత్రం కాదు. ఏ వస్తువైనా జారినా, విరిగినా దాచిపెట్టక, ముక్కలను కదపక వెంటనే నాకు చెప్పాలి; చెప్పినవారిని ఎవరూ మందలించరు.

విద్యార్థుల సంఖ్యను గురువారం లోగా తెలియజేస్తే తొడుగులు సరిపడా సిద్ధం చేస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
స్వచ్ఛంద సేవకుడు, ఆయుధాల విభాగం