బాబాయ్ గారూ, మెషిన్ ఏం చేస్తుంది, నీళ్లెందుకు కొలుచుకోవాలి

మంగళవారం డయాలసిస్‌లో మూడో గంట దాటాక పిక్కలు పట్టేసి, బీపీ పడిపోయి, కళ్లు బైర్లు కమ్మాయి కదా, అప్పటి నుంచి "ఈ మెషిన్ నాకు పడట్లేదు" అంటున్నారని పిన్ని చెప్పింది. మెషిన్ పడకపోవడం కాదు బాబాయ్. జరిగిందేంటో రాస్తున్నా, పిన్నిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి, ఎందుకంటే ఉప్పు డబ్బా ఉండేది ఆవిడ చేతిలోనే.

ముందు మెషిన్ సంగతి. మీ మెడ దగ్గరున్న క్యాథెటర్‌లో రెండు దారులుంటాయి. ఎర్ర క్లిప్పు వైపు నుంచి రక్తం బయటికొస్తుంది, నీలం క్లిప్పు వైపు నుంచి తిరిగి లోపలికెళ్తుంది. ఒంట్లో రక్తమంతా బయటికొచ్చేస్తుందని కొత్తవాళ్లు హడలిపోతారు గానీ, ఏ క్షణంలో చూసినా ట్యూబుల్లో, ఫిల్టర్‌లో కలిపి బయట ఉండేది సుమారు పావు లీటరే. అది గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తాం.

మెషిన్ పక్కన నిలువుగా బిగించే గొట్టం ఉంది చూడండి, అదే డయలైజర్. అందులో వెంట్రుకంత సన్నటి గొట్టాలు వేలల్లో ఉంటాయి. వాటి లోపల మీ రక్తం, బయట ఎదురు దిశలో మేం కలిపిన శుభ్రమైన ద్రవం పారుతూ ఉంటాయి. గొట్టాల గోడలు జల్లెడలాంటివి. యూరియా, క్రియాటినిన్, ఎక్కువైన పొటాషియం ఆ సందుల్లోంచి ద్రవంలోకి పోతాయి, రక్తకణాలు పెద్దవి కాబట్టి ఇవతలే ఉండిపోతాయి. ఇక నీరు దానంతటది పోదు, మెషిన్ ఒత్తిడి పెట్టి లాగాలి. మీకు ఇబ్బంది వచ్చింది ఇక్కడే.

మీ డ్రై వెయిట్, అంటే అదనపు నీరేమీ లేనప్పటి బరువు, 52 కిలోలు. మంగళవారం 55.4తో వచ్చారు. మూడు రోజుల్లో ఎవరికీ అంత కండ పట్టదు, ఆ 3.4 కిలోలూ దాదాపు నీరే, కిలోకి లీటరు లెక్కన. మామూలుగా మేం పెట్టుకునే హద్దు గంటకి, కిలో బరువుకి 13 మిల్లీలీటర్లు. మీ బరువుకి నాలుగు గంటల్లో 2.7 లీటర్లు. అంతకన్నా వేగంగా ఎందుకు లాగకూడదంటే, మెషిన్ తీసేది రక్తంలో ఉన్న నీటినే, కాళ్లలో, కండల్లో చేరిన నీరు మెల్లగా రక్తంలోకి రావాలి. అది వచ్చేలోపే మేం లాగేస్తే రక్తనాళాలు ఖాళీ అయి బీపీ పడుతుంది, పిక్కలు పట్టేస్తాయి, మీకు తెలియకుండానే గుండెకీ రక్తం తగ్గుతుంది. అందుకే మొన్న లాగడం ఆపి సెలైన్ ఎక్కించాం, కొంత నీరు మీతోనే ఇంటికొచ్చింది.

మంచి కిడ్నీలు వారానికి 168 గంటలు పనిచేస్తాయి. మన మెషిన్ పని 12 గంటలే. మిగతా గంటల్లో తాగిందంతా ఒంట్లోనే ఉంటుంది, బీపీ పెంచుతుంది, గుండెని సాగదీస్తుంది, చివరికి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. శనివారం నుంచి మంగళవారం దాకా గ్యాప్ ఎక్కువ, అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది అప్పుడే.

మీకు మూత్రం రోజుకి 200 మిల్లీలీటర్ల దాకా వస్తోంది. దానికి 500 కలిపి 700, డాక్టర్ గారు రాసిన లెక్క ఇదే. టీ, మజ్జిగ, చారు, గంజి, మాత్రలు మింగే నీళ్లు, అన్నీ ఇందులోకే వస్తాయి. పొద్దున్నే ఒక సీసాలో 700 కొలిచి పోసుకోండి. టీ తాగితే అన్ని నీళ్లు సీసాలోంచి పారబోయండి. సీసా ఖాళీ అయిందంటే ఆ రోజుకి అంతే. పెద్ద గ్లాసు పక్కన పెట్టేసి చిన్న స్టీల్ గ్లాసు వాడండి, గొంతు ఎండితే పుక్కిలించి ఉమ్మేయండి.

అయితే దాహాన్ని ఒక్క పట్టుదలతో ఆపలేరు బాబాయ్, ఉప్పు తగ్గకపోతే ఎవరివల్లా కాదు. రోజుకి అన్నీ కలిపి ఒక చిన్న చెంచా, 5 గ్రాములు దాటకూడదు. ఆవకాయ, ఎండు చేపలు, అప్పడాలు మానేయాలి, నాకు తెలుసు కష్టమే. షాపులో తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేది మాత్రం అస్సలు కొనకండి, అందులో పొటాషియం ఉంటుంది. మన ఉద్దానంలో ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లే కాబట్టి ఇదీ చెప్తున్నా, కొబ్బరి నీళ్లు వద్దు. చలవ చేస్తాయని ఎవరు తెచ్చిచ్చినా వద్దు. పొటాషియం పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు.

పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చోవాల్సి వస్తే, రాత్రయినా సరే, తర్వాతి డయాలసిస్ దాకా ఆగకుండా వెంటనే హాస్పిటల్‌కి వచ్చేయండి. రోజూ పొద్దున్నే బరువు చూసి పిన్నితో క్యాలెండర్ మీద రాయించండి. గురువారం ఆ లెక్క ఫోటో తీసి తీసుకురండి, 54 దాటకుండా వస్తే ఈసారి మెల్లగా లాగుతాను.