విషయం: అక్టోబర్ నుంచి మీ సంచుల ఆర్డర్లు చూసుకోబోయేది స్వరూప

చౌటుప్పల్,
25 ఆగస్టు 2025

వెంకటేశ్వర్లు గారికి,
నమస్కారం.

ఆరేళ్లుగా మీ మిల్లు ఆర్డర్లు చూస్తున్న మా యాదగిరి అక్టోబర్ నుంచి మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు మిల్లులు చూసుకుంటారు. ఆయన సొంతూరు అటే. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఉండాలని రెండేళ్లుగా అడుగుతున్నారు, ఇప్పటికి వీలైంది. మీ పని ఇక మా స్వరూప చూస్తారు. ఈ మాట ఎవరి నోటనో తెలిసే ముందు నేనే మీకు చెప్పాలనుకున్నాను.

స్వరూపది దేవరకొండ. మా దగ్గర నాలుగేళ్లుగా ప్రింటింగ్ విభాగంలో ఉన్నారు. మీరు ఆమెను చూసి ఉండరు గానీ, మీ సంచి మాత్రం ఆమె చేతుల మీదుగానే వస్తోంది. పోయిన యాసంగిలో మీ వరికంకి బొమ్మలో ఆకుపచ్చ పాలిపోయిందని మీరు వెనక్కి పంపిన లోడు గుర్తుండే ఉంటుంది. పాత సంచి ఒకటి, కొత్తది ఒకటి కిటికీ వెలుతురులో పక్కపక్కన పట్టుకుని చూసి, తప్పు సిరాది కాదు, ఆ రంగు సిలిండర్ అరిగిందని పట్టుకున్నది స్వరూపే. 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చాక మీరు 26 కిలోల సంచికి మారారు. ఆ బరువు అక్షరాలున్న సిలిండర్ ఒక్కటే మార్చి మిగతా రంగులవి అలాగే ఉంచిన సంగతి ఆమె పని రికార్డులో ఉంది.

ఒక మాట దాచకుండా చెబుతాను. ప్రింటింగ్ ఆమెకు బాగా తెలుసు. సీజన్‌లో మిల్లు గేటు దగ్గర పరిస్థితి ఎలా ఉంటుందో ఇంకా చూడలేదు. అందుకే యాదగిరిని ఒక్కసారిగా పంపించడం లేదు. సెప్టెంబర్ నెలంతా ఇద్దరూ కలిసే మీ ఆర్డర్లు చూస్తారు. దసరా తర్వాత స్వరూపే ముందుంటారు. నవంబర్‌లో కొత్త వడ్లు దిగి, మీకు వెళ్లే మొదటి రెండు లోడ్ల దాకా యాదగిరి ఆమెకు ఫోన్‌లో అందుబాటులో ఉంటారు.

యాదగిరి నోట్లోనే ఉన్న సంగతులన్నీ కాగితం మీద పెట్టించాను. సన్నాల కొనుగోళ్లప్పుడు ముందు రోడ్డంతా ట్రాక్టర్లే, కాబట్టి సంచుల బండి వెనక గేటుకే రావాలి. అమావాస్య నాడు లోడు దించరు. (సెప్టెంబర్ 21 పెత్రమాస, అందుకే ఆ వారం లోడును 23కి వేశాం.) కొత్త ప్రూఫ్‌కు మీరు గానీ మీ అబ్బాయి గానీ సరే అంటేనే ప్రింటింగ్‌కు వెళ్లాలి, గుమస్తా మాట చాలదు. ఇందులో ఏదైనా మరిచిపోయి ఉంటే దయచేసి చెప్పండి. చిన్న విషయమే కదా అనుకోకండి, సీజన్‌లో బండి ఆగేది అలాంటి దగ్గరే.

రేటు, 45 రోజుల గడువు, మీ సిలిండర్లు మా దగ్గర ఉండే ఏర్పాటు, ఇవేవీ మారవు. కుట్టు ఊడిన 300 సంచుల లెక్క ఇంకా తేలలేదు. దాన్ని స్వరూప మీద పెట్టం, సెప్టెంబర్ 15లోపు యాదగిరే తేల్చి క్రెడిట్ నోట్ మీ చేతికిచ్చి వెళ్తారు.

ఫోన్ నంబర్ కూడా అదే. యాదగిరి దగ్గరున్నది కంపెనీ నంబర్, అక్టోబర్ 1 నుంచి అది స్వరూప ఎత్తుతారు. మా బ్యాంకు ఖాతా మారలేదు, మారదు కూడా. కొత్త మేనేజర్‌ను మాట్లాడుతున్నా, డబ్బు వేరే ఖాతాకు వేయండి అని ఎవరైనా ఫోన్ చేస్తే రూపాయి కూడా వేయకండి, వెంటనే నాకు చెప్పండి. మనిషి మారినప్పుడే ఇలాంటి మోసాలకు సందు దొరుకుతుంది. మీ అకౌంట్స్ చూసే అబ్బాయికి కూడా ఈ మాట గట్టిగా చెప్పండి.

సెప్టెంబర్ 4, గురువారం పొద్దున 11 గంటలకు యాదగిరి, స్వరూపతో పాటు నేనూ మిర్యాలగూడ వస్తాను. మీ గోదాములో మిగిలిన పాత సంచులు ఒకసారి లెక్కపెట్టుకుని, వానాకాలం పంటకు ఎన్ని కావాలో అక్కడే కూర్చుని రాసుకుందాం. ఆ రోజు మీకు కుదరకపోతే 5న వస్తాం, యాదగిరికి ఒక్క ఫోన్ చేస్తే చాలు.

ఇట్లు,
నర్సింహారెడ్డి
సేల్స్ హెడ్, చౌటుప్పల్ యూనిట్