నవంబరు 17 అగ్ని ప్రమాదం, ఖాళీ చేయింపు: కార్యదర్శి నివేదిక

ఫ్లాట్ల యజమానులకు, అద్దెకున్న వారికి నమస్కారం.

మొన్న చివరి కార్తీక సోమవారం రాత్రి ఏం జరిగిందో గ్రూపులో ఇప్పటికే పది రకాలుగా తిరుగుతోంది, ట్రాన్స్‌ఫార్మర్ పేలిందని కూడా ఒకరు రాశారు. పేలలేదు. మూడో అంతస్తు ఎలక్ట్రికల్ డక్ట్‌లో కేబుల్ జాయింట్ వేడెక్కి, ఆ డక్ట్‌లోనే పేర్చిన పాత పేపర్లకు, అట్టపెట్టెలకు అంటుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, ఇద్దరికి పొగవల్ల దగ్గు వచ్చింది, డాక్టరు చూసి ఇంటికి పంపేశారు.

కింద రాసిన టైములు సీసీ కెమెరా నుంచి, ఫోన్ల కాల్ లిస్టుల నుంచి తీసుకున్నవి. అలారం ప్యానెల్‌లో రికార్డయినవి వాడలేదు, ఎందుకంటే దాని గడియారం ఆరు నిమిషాలు వెనక నడుస్తోంది. ఆ సంగతి కూడా ఈ ప్రమాదం జరిగాకే తెలిసింది.

7:22కి మూడో అంతస్తులో ఒకావిడకి కాలిన వాసన వచ్చింది. ఆ రోజు ప్రతి గుమ్మం ముందూ దీపాలు, పైగా ఎవరో సాంబ్రాణి కూడా వేశారు, ఇదీ దానిదేలే అనుకుని తలుపేసుకున్నారు. ఆవిడ్ని ఏమీ అనడానికి లేదు, నేనున్నా అలాగే అనుకునేవాణ్ణి.

7:31కి ఆ అంతస్తు డిటెక్టర్ పొగను పట్టేసింది. వాచ్‌మన్ గదిలో ప్యానెల్ మీద ఎర్ర లైటు వెలిగి బజర్ మోగింది. కెమెరాలో చూస్తే వాచ్‌మన్ లేచి, ప్యానెల్ దగ్గరికెళ్లి, సైలెన్స్ బటన్ నొక్కి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. మొత్తం 40 సెకన్లు. దీని గురించి అతన్ని తిట్టిన వాళ్లందరికీ చెప్తున్నా, అలా నొక్కమని చెప్పింది నేనే. గత నెల నాలుగో అంతస్తులో పెయింటింగ్ పని నడిచినప్పుడు దుమ్ముకి అలారం అయిదుసార్లు మోగింది, అందరూ నాకు ఫోన్లు చేసి గొడవ, "మోగితే ఆపెయ్, తర్వాత చూద్దాం" అని చెప్పాను. పని అయిపోయాక ఆ మాట వెనక్కి తీసుకోవడం మర్చిపోయాను.

7:36కి పొగ నాలుగో అంతస్తు డిటెక్టర్‌కి కూడా చేరి మళ్లీ మోగింది, ఈసారి వాచ్‌మన్ పైకి పరుగెత్తాడు. 7:38కి 307 అమ్మాయి, కాలేజీ పిల్ల, మెట్ల పక్కనున్న ఎర్ర పెట్టె అద్దం పగలగొట్టింది. అప్పుడు గానీ బిల్డింగ్ మొత్తానికీ హూటర్ మోగలేదు. 7:39కి మన ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆఫ్ చేశాడు. నేను 101కి ఫోన్ చేసింది 7:40కి.

అంటే మెషిన్ చెప్పిన తర్వాత ఫైర్ స్టేషన్‌కి కబురు వెళ్లడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. ఇంజను అక్కణ్ణుంచి గేటు దాకా రావడానికి పట్టింది 13 నిమిషాలు, ఆ ట్రాఫిక్‌లో! 7:53కి గేటు ముందుంది, లోపలికొచ్చింది మాత్రం 7:57కి. గేటుకి అడ్డంగా పెట్టిన తెల్ల కారు ఎవరిదో అందరికీ తెలుసు, నంబరు రాయడం లేదు, అయిదోసారి మాత్రం రాస్తాను.

పవర్ తీయగానే లిఫ్ట్ నాలుగుకీ అయిదుకీ మధ్య ఆగిపోయింది, లోపల ముగ్గురు, అందులో ఒకరు ఆరేళ్ల బాబు. కరెంటు పోతే బ్యాటరీ మీద దగ్గరి అంతస్తుకి వచ్చి తలుపు తెరుచుకోవాలి, ఆ బ్యాటరీ చచ్చిపోయి ఎన్నాళ్లయిందో మరి. తాళంతో తలుపు తీసి వాళ్లని బయటికి లాగేసరికి 7:50. పదకొండు నిమిషాలు చీకట్లో, పొగ వాసనలో. అలారం మోగితే లిఫ్ట్ తనంతట తానే గ్రౌండ్‌కి వచ్చి ఆగిపోవాలి, ఆ వైరింగ్ మనకి అసలు కలపనేలేదు. కలిపి ఉంటే మెయిన్ ఆఫ్ చేసేలోపే కిందికి వచ్చేసేదేమో.

ఇక మెట్లు. పడమటి వైపు మెట్ల దగ్గర మూడో అంతస్తు తలుపు మూసుకోకుండా ఎవరో తులసి కుండీ అడ్డం పెట్టారు, గాలి కోసమట. ఆ తలుపు ఉన్నదే పొగని ఆపడానికి. అది తెరిచి ఉండడంతో మెట్లదారి మొత్తం పొగగొట్టంలా అయింది, పై అంతస్తుల వాళ్లు సగం దిగి మళ్లీ పైకెక్కి తూర్పు మెట్లకి రావాల్సి వచ్చింది. 801 పెద్దాయనకి మోకాలి ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు, నలుగురు కుర్రాళ్లు ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఎనిమిది అంతస్తులూ మోశారు. దారిలో ఆయన "జాగ్రత్త నాయనా, కుర్చీ విరిగేట్టుంది" అంటూనే ఉన్నారట.

చివరి మనిషి కిందికొచ్చింది 7:55కి, అంటే హూటర్ మోగిన 17 నిమిషాలకి. 54 ఫ్లాట్లలో ఆ టైముకి మనుషులున్నవి 41, కిందికొచ్చింది 126 మంది. ఈ లెక్క తేలింది 8:11కి. ఎవరు ఊళ్లో ఉన్నారో, ఎవరు గుడికెళ్లారో చెప్పే లిస్టు లేదు కాబట్టి ఒక్కొక్క ఫ్లాట్‌కీ ఫోన్ చేసుకుంటూ కూర్చున్నాం. రెండు ఫ్లాట్ల వాళ్లు శివాలయంలో ఉండి ఫోన్ ఎత్తలేదు, ఫైర్ సిబ్బంది పైకెళ్లి తలుపులు కొట్టి చూడాల్సి వచ్చింది.

మంట సంగతి: ఎలక్ట్రీషియన్ తీసుకున్న మొదటి సిలిండర్ ముల్లు ఎరుపులో ఉంది, నొక్కితే ఏమీ రాలేదు. రెండోది పనిచేసింది, పౌడర్ కొట్టగానే 7:43కల్లా మంట తగ్గింది. సిబ్బంది వచ్చాక డక్ట్ మొత్తం చూసి, మిగిలిన వేడి పోయేదాకా ఉండి, 8:40కి పైకి వెళ్లొచ్చన్నారు.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో సెల్లార్‌లో మొదలైన మంటల పొగ పైనున్న లాడ్జికి ఎక్కి 8 మంది చనిపోయారు. మన సెల్లార్‌లో ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్లు ఏడు, అన్నీ ఎక్స్‌టెన్షన్ బోర్డుల మీద చార్జింగ్. వాటికి విడిగా లైన్ వేయించేవరకు రాత్రి పది తర్వాత చార్జింగ్ బంద్.

అయిన పనులు: కేబుల్, జాయింట్లు మార్చాం, 38,400 రూపాయలు, కార్పస్ నుంచి. లిఫ్ట్ బ్యాటరీ మార్చారు. సిలిండర్లన్నీ రీఫిల్‌కి వెళ్లాయి, అందాక అంతస్తుకొకటి అద్దెకు తెచ్చి పెట్టాం. డక్టుల్లో సామాను 23వ తేదీ ఆదివారం సాయంత్రానికి తీసేయండి, సోమవారం ఉదయం చెత్త బండి ఎక్కించేస్తాం, చెప్పుల స్టాండ్లతో సహా. లిఫ్ట్‌ని అలారానికి కలపడానికి కొటేషన్ అడిగాం, రాగానే మీటింగ్‌లో పెడతాను.

వాచ్‌మన్‌కి కొత్త మాట: బజర్ మోగితే ఆపకుండా ముందు ఆ అంతస్తుకెళ్లి చూడాలి, పొగ కనిపిస్తే నన్నడగకుండా 101కి ఫోన్ చెయ్యాలి. తప్పుడు అలారమైతే తిట్లు నేను తింటాను.

డిసెంబరు 7 ఆదివారం ఉదయం 8 గంటలకి డ్రిల్. 17 నిమిషాలు ఎక్కడికి దిగుతుందో చూద్దాం. దాన్ని కూడా టైము పెట్టి రాస్తాను.

ఆ రాత్రి మెట్ల మీద దొరికిన చెప్పులు పదకొండు వాచ్‌మన్ గదిలో ఉన్నాయి, జతలు కాదు. ఎవరివి వాళ్లు వచ్చి తీసుకెళ్లండి.

కార్యదర్శి, ఫ్లాట్ 602
19 నవంబరు 2025