వివాహ ధ్రువపత్రంలో తప్పుగా పడిన నా పుట్టిన తేదీని సవరించమని వినతి

తేదీ: 2025 జూన్ 11

గౌరవనీయులైన వివాహ రిజిస్ట్రార్ గారికి,

విషయం: వివాహ ధ్రువపత్రంలోనూ, వివాహ రిజిస్టరులోనూ వధువు పుట్టిన సంవత్సరం 1991కి బదులు 1997గా నమోదు కావడం, దాన్ని సవరించమని కోరడం గురించి.

సూచిక: వివాహ నమోదు సంఖ్య 233/2014, నమోదు తేదీ 2014 మే 21. వరుడు పి. మోహన్, వధువు పి. శిరీష.

అయ్యా,

నమస్కారం. పైన చెప్పిన నమోదులో వధువును నేనే. సవరణ కోసం నింపిన దరఖాస్తు ఫారం, దానికి కావలసిన కాగితాలు ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. ఫారంలో కారణం రాయడానికి రెండు గీతలే ఉన్నాయి. ఈ తప్పు ఎలా పడింది, దాన్ని ఎందుకు అలాగే వదిలేయలేను అన్నది అంత చోటులో చెప్పడం కుదరక ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం ఓపిగ్గా చదవమని మనవి.

నేను పుట్టింది 1991 ఆగస్టు 23న. ధ్రువపత్రంలో 23-08-1997 అని ఉంది. రోజు, నెల సరిగ్గానే ఉన్నాయి, సంవత్సరంలో చివరి అంకె ఒక్కటే మారింది. నా పేరు, మా వారి పేరు, ఆయన పుట్టిన తేదీ, పెళ్లి తేదీ, సాక్షుల పేర్లు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వాటిలో ఏ మార్పూ అడగడం లేదు.

చూడటానికి ఒక్క అంకే అయినా, దానివల్ల ఆ కాగితం చెప్పే విషయమే మారిపోతోంది. మా పెళ్లి 2014 మే 9న జరిగింది. అప్పటికి నాకు 22 ఏళ్లు నిండాయి. ధ్రువపత్రంలో ఉన్న తేదీని నమ్మితే మాత్రం ఆ రోజుకి నాకు 16 ఏళ్లే. అంటే నేను మైనరుగా ఉండగా పెళ్లి చేశారని, మా వారు ఒక మైనరును పెళ్లి చేసుకున్నారని ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం చెబుతున్నట్టు అవుతోంది. చదువు పూర్తి చేసి, నా ఇష్టంతో, ఇరు కుటుంబాల సమక్షంలో చేసుకున్న పెళ్లి అది. దాని గురించి అలాంటి మాట ఎక్కడా మిగిలి ఉండకూడదని నా కోరిక.

ఇది రాసేటప్పుడు జరిగిన పొరపాటే అనడానికి మొదటి ఆధారం ఆ ధ్రువపత్రంలోనే ఉంది. పుట్టిన తేదీ గడి పక్కనే ‘పెళ్లి నాటికి వయసు’ అనే గడి ఉంది. అందులో నా పేరుకు ఎదురుగా 22 అని స్పష్టంగా ఉంది. 1997లో పుట్టిన మనిషికి 2014 మే నాటికి 22 ఏళ్లు ఉండవు. ఒకే వరుసలో పక్కపక్కనే ఉన్న రెండు గడులు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. వయసు గడిలో ఉన్నదే సరైనది.

ఆ 7 ఎక్కణ్నించి వచ్చిందో కూడా నాకు అర్థమైందనే అనుకుంటున్నాను. నమోదు రోజున దరఖాస్తు ఫారం మా నాన్నగారు తన చేత్తో నింపారు. ఆయనకు ప్రతి కాగితానికీ ఒక జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టుకునే అలవాటు. ఆ జిరాక్స్ మొన్న దొరికింది, కాపీ జత చేశాను. మా నాన్నగారు 1 అంకెను ఒట్టి నిలువు గీతగా వేయరు, తలమీద ఎడమవైపుకి ఒక కొక్కెం పెడతారు. నా పుట్టిన సంవత్సరంలో చివరి 1 గడి అంచుకు వచ్చేసరికి ఆ కొక్కెం కాస్త సాగింది. ఎవరు చూసినా మొదట 7 అనే చదువుతారు. అయితే కింది వరుసలో మా వారి పుట్టిన తేదీ 17-06-1987 కూడా ఆయనే రాశారు. అందులో రెండు 7లూ ఉన్నాయి, రెండింటికీ నడుముకు అడ్డంగా చిన్న గీత ఉంది. ఆయన 7 ఎప్పుడూ అలాగే రాసేవారు. నా పుట్టిన సంవత్సరంలోని చివరి అంకెకు ఆ అడ్డగీత లేదు. ‘2014’లోని 1తో దాన్ని పోల్చి చూస్తే రెండూ ఒకే చేతి ఒకటి అని తెలిసిపోతుంది. అసలు ఫారం మీ రికార్డులో ఉంటే, దయచేసి ఆ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూడండి. జిరాక్స్ కంటే అందులో సిరా గీత ఇంకా స్పష్టంగా కనబడుతుంది.

మా నాన్నగారు 2021లో పోయారు. అందుకే ఆయనతో వాంగ్మూలం ఇప్పించలేకపోతున్నాను. ఆయన చేతిరాతనే మీ ముందు పెడుతున్నాను.

మిగిలిన ఆధారాల్లో ముఖ్యమైనవన్నీ పెళ్లికి ముందువే. ఈ సవరణ కోసం కొత్తగా సంపాదించిన కాగితం వాటిలో ఒక్కటీ లేదు. నా జనన ధ్రువపత్రంలో జననం నమోదైన తేదీ 1991 సెప్టెంబర్ 4 అని ఉంది. 1997లో పుట్టబోయే బిడ్డ జననం 1991లో నమోదు కావడం సాధ్యం కాదు. పదో తరగతి సర్టిఫికెట్ 2007 నాటిది, అందులో కూడా 23-08-1991 అనే ఉంది. నా పాస్‌పోర్టు 2013లో, అంటే పెళ్లికి ఏడాది ముందు తీసుకున్నాను. అందులోనూ, 2023లో రెన్యూ చేయించిన పాస్‌పోర్టులోనూ అదే తేదీ ఉంది. నా పుట్టిన తేదీ వేరుగా ఉన్న కాగితం మీ ధ్రువపత్రం తప్ప నా దగ్గర మరొకటి లేదు.

ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నానని మీకు అనిపించవచ్చు. అది సహజమే. ఆ రోజు రిజిస్టరులో సంతకం చేసే ముందు నా పేరు, మా వారి పేరు సరిగ్గా ఉన్నాయా అని మాత్రమే చూశాను, తేదీ చూడలేదు. ధ్రువపత్రం చేతికి రాగానే లామినేషన్ చేయించి బీరువాలో పెట్టేశాం. చూడకుండా సంతకం పెట్టడంలో నా తప్పు కూడా ఉంది, దాన్ని ఒప్పుకుంటున్నాను. ఆ ధ్రువపత్రం కాపీని ఈ పదకొండేళ్లలో రెండు చోట్ల ఇచ్చాం: ఒకసారి బ్యాంకులో జాయింట్ ఖాతా తెరిచేటప్పుడు, ఇంకోసారి మా వారి ఉద్యోగంలో కుటుంబ వివరాలు చేర్చేటప్పుడు. రెండు చోట్లా నా పుట్టిన తేదీకి పాస్‌పోర్టునే ఆధారంగా తీసుకున్నారు, అందువల్ల అక్కడ 1991 అనే నమోదైంది. 1997 అన్న తేదీని చూపించి నేనుగానీ మా వారుగానీ ఎక్కడా ఏ ప్రయోజనమూ పొందలేదు. ఈ మాట అఫిడవిట్‌లో కూడా రాశాను.

తప్పు బయటపడింది ఈ ఏడాది మే నెలలో. మా వారికి వేరే దేశంలో ఉద్యోగం వచ్చి జనవరిలోనే వెళ్లారు. నేనూ, ఎనిమిదేళ్ల మా పాపా ఆయన దగ్గరికి వెళ్లడానికి వీసాకి దరఖాస్తు చేశాం. పాస్‌పోర్టులో ఒక తేదీ, వివాహ ధ్రువపత్రంలో ఇంకో తేదీ ఉన్నాయని, సరిచేసిన ధ్రువపత్రం జులై 15లోగా ఇవ్వాలని వాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. దాని కాపీ కూడా జత చేశాను. ఆ ఉత్తరం చదివాక బీరువాలోంచి ధ్రువపత్రం తీసి వెలుతురులో పెట్టి చూస్తే అప్పుడు కనబడింది ఆ 7. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టలేదు. పాప రోజూ ఫోన్లో వాళ్ల నాన్నని “నేనెప్పుడు రావాలి?” అని అడుగుతోంది. మీ పనుల మధ్య తొందరపెట్టాలని ఇది రాయడం లేదు. గడువు ఉందన్న సంగతి ముందే చెప్పకపోతే, తర్వాత పరుగు పెట్టించినట్టు అవుతుందని చెబుతున్నాను.

నేను కోరేది ఇది. వివాహ రిజిస్టరులో 233/2014 ఎంట్రీలో నా పుట్టిన తేదీని 1991 ఆగస్టు 23గా సవరించి, సవరించిన మేరకు నాకు కొత్త ధ్రువపత్రం ఇప్పించండి. కొత్త కాగితం ముద్రించి ఇస్తే సరిపోదని నా భయం. రిజిస్టరులో పాత అంకె అలాగే ఉండిపోతే, రేపు ఎవరైనా సర్టిఫైడ్ కాపీ తెప్పించినప్పుడు మళ్లీ 1997 అనే వస్తుంది. అందుకని మూలంలోనే సరిచేయమని ప్రత్యేకంగా అడుగుతున్నాను. పాత ఎంట్రీని చెరిపేయమని నా ఉద్దేశం కాదు. అది కనబడేలాగే ఉంచి, పక్కన అంచులో సవరణ నోటు, తేదీ, మీ సంతకం ఉంటే నాకు అంతకంటే కావలసింది లేదు. ఎప్పుడు, ఏ ఆధారంతో మార్చారో అందరికీ తెలిసేలా ఉండటమే నాకూ మంచిది. కంప్యూటర్‌లోని రికార్డు కూడా దానికి సరిపోయేలా మార్చమని మనవి.

మా వారు ఈ సవరణకు తనకు ఏ అభ్యంతరమూ లేదని సంతకం చేసి, అక్కడే నోటరీ చేయించి పంపారు. పెళ్లి నమోదు రోజు మొదటి సాక్షిగా సంతకం చేసిన మా మేనమామ కూడా, తాను నన్ను పుట్టినప్పటి నుంచి ఎరుగుదునని, నేను పుట్టింది 1991లోనని వాంగ్మూలం ఇచ్చారు. మీరు రమ్మంటే ఆయన స్వయంగా వస్తారు. వయసు మీదపడింది, మెట్లెక్కడం కష్టం. వీలైతే ఆయన్ని ఒకే ఒక్కసారి పిలిచేలా చూడండి.

సవరణకు కట్టవలసిన రుసుము ఎంతో చెబితే అదే రోజు కడతాను. పాత ధ్రువపత్రం ఒరిజినల్ నా దగ్గరే ఉంది, కొత్తది తీసుకునేటప్పుడు అప్పగిస్తాను. పైన చెప్పినట్టు అది లామినేషన్ చేసి ఉంది. దానివల్ల ఇబ్బంది ఉంటే ముందే తెలియజేయండి. నేనే ఊడదీయబోతే సిరా లేచిపోతుందేమోనని ముట్టుకోలేదు. మిగతా కాగితాల ఒరిజినల్స్ అన్నీ పరిశీలనకు మీరు చెప్పిన రోజున తెస్తాను.

ఏదైనా కాగితం చాలకపోయినా, ఈ సవరణ మీ అధికార పరిధిలో లేదనిపించినా, దయచేసి ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి. ఏ అధికారి దగ్గరికి వెళ్లాలో అందులో రాస్తే అక్కడికే వెళ్తాను. గడువులోగా పని పూర్తికాని పక్షంలో, సవరణ దరఖాస్తు మీ పరిశీలనలో ఉందని ఒక చిన్న లేఖ ఇప్పించినా వీసా వాళ్లకు చూపించి కొంత సమయం అడుగుతాను. నా ఫోన్ నంబరు, చిరునామా దరఖాస్తు ఫారంలో ఉన్నాయి. పగలు ఏ సమయంలో ఫోన్ చేసినా పలుకుతాను.

ఈ దరఖాస్తు అందినట్టు, జత చేసిన రెండో ప్రతి మీద ముద్ర వేసి, తేదీతో ఇప్పించమని కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
పి. శిరీష
(సంతకం)

జత చేసినవి: నింపిన సవరణ దరఖాస్తు ఫారం; 2014 వివాహ ధ్రువపత్రం కాపీ; మా నాన్నగారు నింపిన ఫారం జిరాక్స్, అందులో రెండు తేదీల దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టాను; జనన ధ్రువపత్రం; పదో తరగతి సర్టిఫికెట్; 2013, 2023 పాస్‌పోర్టుల మొదటి పేజీలు; నా అఫిడవిట్; మా వారి నిరభ్యంతర పత్రం; మా మేనమామ వాంగ్మూలం; వీసా వాళ్ల ఉత్తరం కాపీ. కాపీలన్నిటి మీదా నా సంతకం ఉంది.