పనితీరు కారణంగా ఉద్యోగ సేవల ముగింపు ఉత్తర్వు

సూచిక: హెచ్‌ఆర్/సేవల ముగింపు/07/2024
విజయవాడ, తేదీ: 23 ఆగస్టు 2024

గోప్యం
స్వయంగా అందజేత, ప్రతి రిజిస్టర్డ్ పోస్టు ద్వారా

శ్రీ పి. రవికుమార్ గారికి,
స్టోర్స్ ఇన్‌చార్జి, కేంద్ర గిడ్డంగి,
విజయవాడ.

విషయం: పనితీరు ఆశించిన స్థాయికి చేరనందున మీ ఉద్యోగ సేవలను 31 ఆగస్టు 2024 నుంచి ముగించడం గురించి.

సందర్భం: 1) మీ నియామకపు ఉత్తర్వు, తేదీ 1 ఫిబ్రవరి 2021. 2) మొదటి హెచ్చరిక మెమో, తేదీ 18 డిసెంబరు 2023. 3) రెండో హెచ్చరిక మెమో, తేదీ 26 ఫిబ్రవరి 2024. 4) పనితీరు మెరుగుదల ప్రణాళిక, తేదీ 1 ఏప్రిల్ 2024, దాని పొడిగింపు ఉత్తర్వు, తేదీ 29 జూన్ 2024. 5) మీ లిఖితపూర్వక వివరణ, తేదీ 20 జులై 2024. 6) 12 ఆగస్టు 2024న జరిగిన ముఖాముఖి సమావేశం.

అయ్యా,

మా మందుల టోకు పంపిణీ సంస్థలో స్టోర్స్ ఇన్‌చార్జిగా మీరు చేస్తున్న ఉద్యోగాన్ని 31 ఆగస్టు 2024, శనివారం పని వేళలు ముగిసిన వెంటనే ముగించాలని యాజమాన్యం నిర్ణయించిందని ఈ ఉత్తర్వు ద్వారా తెలియజేస్తున్నాము. ఈ నిర్ణయానికి గల కారణాలు, మీకు చెల్లించవలసిన మొత్తాలు, ఇకపై మీరూ సంస్థా పూర్తి చేయవలసిన పనులు కింద వివరంగా ఉన్నాయి.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయడం అవసరం. ఇది పనితీరుకు మాత్రమే సంబంధించిన నిర్ణయం. మీ నిజాయితీ మీద గానీ, నడవడిక మీద గానీ సంస్థకు ఎలాంటి ఆరోపణా లేదు, క్రమశిక్షణ విచారణ ఏదీ మీపై పెండింగులో లేదు, దీన్ని శిక్షగా ఎవరూ భావించవలసిన అవసరమూ లేదు.

మీ బాధ్యతల్లో ప్రధానమైనవి మూడు: వచ్చిన సరుకు బిల్లులను రెండు పనిదినాల్లోపు కంప్యూటరులో నమోదు చేయడం, ప్రతి బాక్సు మీద ఉన్న బ్యాచ్ నంబరునూ గడువు తేదీనీ బిల్లుతో సరిచూడడం, గడువుకు 90 రోజుల ముందే ఆ సరుకును విడిగా పెట్టి తయారీ కంపెనీకి వాపసు క్లెయిము పంపడం. మన గిడ్డంగి ఫారం 20బి, 21బి లైసెన్సుల మీద నడుస్తోందనీ, ఔషధ నియంత్రణ అధికారులు ఏ రోజు వచ్చి అడిగినా ఈ రికార్డులే చూపించవలసి ఉంటుందనీ మీకు తెలిసినదే. అందువల్ల వీటిలో జాప్యం గానీ పొరపాటు గానీ లెక్కల పుస్తకంతో ఆగిపోయేది కాదు, రోగి చేతికి వెళ్లే మందు దాకా పోతుంది.

2023 నవంబరులో నిల్వల లెక్కింపు జరిగినప్పుడు బిల్లుల నమోదు చాలా వెనకబడి ఉన్నట్టు తేలగా, అప్పుడు గిడ్డంగి మేనేజరు మీతో నోటిమాటగా మాట్లాడారు. పరిస్థితి మారకపోవడంతో 18 డిసెంబరు 2023న మొదటి మెమో ఇచ్చాము. ఫిబ్రవరి నెల లెక్కల్లోనూ అవే లోపాలు మళ్లీ కనిపించినందున 26 ఫిబ్రవరి 2024న రెండో మెమో ఇస్తూ, మెరుగుదల లేకపోతే ఉద్యోగం కొనసాగింపుపై పునరాలోచించవలసి వస్తుందని అందులోనే రాశాము. రెండు మెమోలనూ మీరు సంతకం చేసి తీసుకున్నారు.

ఆ తరువాత మీతో చర్చించి, మీ అంగీకారంతో 1 ఏప్రిల్ 2024 నుంచి 29 జూన్ 2024 వరకు 90 రోజుల పనితీరు మెరుగుదల ప్రణాళికను అమలు చేశాము. ఆ కాలంలో ప్రతి శనివారం సాయంత్రం గిడ్డంగి మేనేజరు మీతో కూర్చుని ఆ వారపు నమోదులు పరిశీలించారు, ఆ పరిశీలన పత్రాల ప్రతులు మీ దగ్గరా ఉన్నాయి. మీరు అడిగిన మేరకు బార్‌కోడ్ స్కానరు కొత్తది ఇచ్చాము, సాఫ్ట్‌వేరు మీద రెండు రోజుల శిక్షణ ఇప్పించాము, జూన్ 1 నుంచి సరుకు దింపుడు పనికి ఒక సహాయకుణ్ణి కేటాయించాము. మే నెలలో మీ తల్లిగారి శస్త్రచికిత్స కోసం మీరు తీసుకున్న 12 రోజుల సెలవును పనితీరు లెక్కలోంచి పూర్తిగా మినహాయించాము, ఆ అంతరాయం దృష్ట్యానే ప్రణాళికను 31 జులై 2024 వరకు పొడిగించాము.

ప్రణాళిక కాలంలో కొంత మార్పు వచ్చిన మాట వాస్తవం. ఇన్సులిన్, టీకాలు ఉంచే శీతల గది ఉష్ణోగ్రతను ఉదయం, సాయంత్రం రెండు పూటలా చూసి పుస్తకంలో రాయడం ఏప్రిల్ రెండో వారం నుంచి ఒక్క రోజు కూడా తప్పలేదు. రిటైల్ దుకాణదారులతో మీ మాటతీరు గురించి ఎవరూ ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. వీటిని తుది పరిశీలనలో మేము లెక్కలోకి తీసుకున్నాము.

అయితే ఉద్యోగానికి కీలకమైన మూడు బాధ్యతల్లోనూ నిర్దేశించిన స్థాయి అందలేదు. సహాయకుడు ఉన్న జూన్ నెలలో వచ్చిన 118 కొనుగోలు బిల్లుల్లో 41 బిల్లులు రెండు పనిదినాలు దాటాక నమోదయ్యాయి, జులైలో 124 బిల్లుల్లో 39 ఆలస్యమయ్యాయి. ప్రణాళిక ప్రకారం ఈ సంఖ్య నెలకు ఐదుకు మించకూడదు. గడువు తేదీల నమోదులో పొరపాట్లు ఇంకా తీవ్రమైన విషయం. ఒక యాంటీబయాటిక్ సిరప్ బ్యాచ్‌కు బాక్సు మీద 08/2024 అని ముద్రించి ఉండగా కంప్యూటరులో 08/2026గా నమోదైంది. అందువల్ల గడువు దగ్గరపడిన సరుకు జాబితాలోకి ఆ బ్యాచ్ రాలేదు, అది మామూలు అరల్లోనే ఉండిపోయింది. తెనాలిలోని ఒక దుకాణదారు జులై రెండో వారంలో సరుకు విప్పి చూసుకుని ఫోను చేసేవరకు గిడ్డంగిలో ఎవరికీ తెలియలేదు. ఆయన ఆ సీసాలను అమ్మకుండా పక్కన పెట్టడం వల్లే ముప్పు తప్పింది. అప్పటికే తయారీ కంపెనీకి క్లెయిము పంపే వ్యవధి దాటిపోయినందున రూ. 38,460 విలువైన సరుకు సంస్థ నష్టపోయింది. ఈ మొత్తాన్ని మీ నుంచి రాబట్టే ఉద్దేశం సంస్థకు లేదు, చివరి లెక్కలో దీని కోసం ఏ కోతా ఉండదు.

మీరు 20 జులై 2024న ఇచ్చిన వివరణలో సిబ్బంది కొరత, వేసవిలో సరుకు రాక పెరగడం, సాఫ్ట్‌వేరు నెమ్మదిగా పనిచేయడం అనే మూడు కారణాలు చెప్పారు. మే నెల వరకు మొదటి రెండూ కొంత సమంజసమేనని మేము ఒప్పుకుంటున్నాము. కానీ సహాయకుడు వచ్చిన తరువాత కూడా ఆలస్యాలు దాదాపు అదే స్థాయిలో ఉండడమూ, అదే సాఫ్ట్‌వేరు మీద మీ సెలవు రోజుల్లో తాత్కాలికంగా పనిచేసిన ఉద్యోగి నమోదులు సకాలంలో పూర్తి కావడమూ చూస్తే, ఆ వివరణ మొత్తం పరిస్థితికి సరిపోతుందని అంగీకరించలేకపోతున్నాము. 12 ఆగస్టు సమావేశంలో ఇదే విషయాన్ని పత్రాలు ముందు పెట్టుకుని మీతో మాట్లాడాము. మిమ్మల్ని బిల్లింగు విభాగానికి మార్చే అవకాశాన్ని కూడా పరిశీలించాము. అక్కడ ప్రస్తుతం ఖాళీ లేదు, అక్కడి పనికీ ఇదే రకమైన నమోదు ఖచ్చితత్వం కావాలి. వీటన్నింటినీ ఆలోచించిన మీదటే ఈ నిర్ణయానికి వచ్చాము.

మీకు చెల్లించవలసిన మొత్తాల వివరం ఇది. ఆగస్టు నెల జీతం రూ. 31,200. ఒక నెల నోటీసుకు బదులుగా ఇచ్చే వేతనం రూ. 31,200. పారిశ్రామిక వివాదాల చట్టం, 1947లోని సెక్షన్ 25ఎఫ్‌ను అనుసరించి సేవా కాలానికి పరిహారంగా, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, మీ మూడేళ్ల ఏడు నెలల సర్వీసును నాలుగేళ్లుగా పరిగణించి రూ. 72,000. వాడుకోని 14 రోజుల ఆర్జిత సెలవుకు రూ. 16,800. పరిహారమూ సెలవు వేతనమూ నెలను 26 రోజులుగా తీసుకుని, రోజుకు రూ. 1,200 లెక్కన కట్టాము. మొత్తం రూ. 1,51,200లో మీ వాటా భవిష్యనిధి రూ. 1,800, వృత్తి పన్ను రూ. 200 మినహాయించగా రూ. 1,49,200 మీ బ్యాంకు ఖాతాలో 31 ఆగస్టు 2024 నాటికే జమ అవుతుంది. గిడ్డంగి వస్తువుల అప్పగింతకూ ఈ చెల్లింపుకూ ముడిపెట్టడం లేదు. సర్వీసు ఐదేళ్లు నిండనందున గ్రాట్యుటీ వర్తించదు.

భవిష్యనిధి పోర్టలులో మీ ఉద్యోగ విరమణ తేదీని మేమే నమోదు చేస్తాము. ఆ తరువాత మీ యూఏఎన్ ద్వారా ఖాతాను కొత్త యజమానికి బదిలీ చేసుకోవచ్చు, నిబంధనల మేరకు సొమ్ము తీసుకోవచ్చు. సంస్థ తరఫున మీకూ మీ కుటుంబానికీ ఉన్న ఆరోగ్య బీమా 30 సెప్టెంబరు 2024 వరకు కొనసాగుతుంది. మీ తల్లిగారి శస్త్రచికిత్సకు సంబంధించిన క్లెయిము కాగితాలు ఏవైనా మిగిలి ఉంటే ఆ తేదీలోపు హెచ్‌ఆర్ విభాగానికి ఇవ్వగలరు.

గిడ్డంగి, శీతల గది తాళాలు, ఉష్ణోగ్రత నమోదు పుస్తకం, బార్‌కోడ్ స్కానరు, సంస్థ ఇచ్చిన సిమ్ కార్డు, వాపసు క్లెయిముల ఫైలును 30 ఆగస్టు శుక్రవారం మధ్యాహ్నం గిడ్డంగి మేనేజరుకు అప్పగించి, అప్పగింత పత్రం మీద ఇద్దరూ సంతకాలు చేయవలసిందిగా కోరుతున్నాము. ఆ సమయానికి నమోదు కాకుండా ఉన్న బిల్లులు ఎన్ని ఉన్నాయో అందులో రాస్తే చాలు, వాటిని మీరు పూర్తి చేయనవసరం లేదు. దుకాణదారుల అప్పుల వివరాలు, కొనుగోలు ధరలు బయటివారికి తెలపకూడదన్న నియామకపు ఉత్తర్వులోని షరతు ఉద్యోగం ముగిశాక కూడా వర్తిస్తుంది.

మీ సర్వీసు సర్టిఫికెట్టులో హోదా, పనిచేసిన కాలం మాత్రమే ఉంటాయి, ఉద్యోగం ముగిసిన కారణం అందులో ఉండదు. కొత్త యజమానులు ఎవరైనా ఫోను చేసి అడిగినా ఈ రెండు వివరాలే చెప్పాలని హెచ్‌ఆర్ విభాగానికి సూచించాము.

ఈ నిర్ణయం మీద మీకు అభ్యంతరం ఉంటే, దీన్ని అందుకున్న 15 రోజుల్లోపు మేనేజింగ్ పార్టనరుకు లిఖితపూర్వకంగా తెలియజేయవచ్చు. ఆ అభ్యర్థనను గిడ్డంగి విభాగంతో సంబంధం లేని మరో పార్టనరు పరిశీలించి, పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబిస్తారు. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988 కింద గానీ, వర్తించే మరే కార్మిక చట్టం కింద గానీ సంబంధిత అధికారిని ఆశ్రయించే మీ హక్కుకు ఈ అంతర్గత అవకాశం అడ్డు రాదు.

లెక్కల్లో ఏదైనా సందేహం ఉంటే హెచ్‌ఆర్ అధికారిని పని వేళల్లో కలవగలరు. అవసరమైతే మీ కుటుంబ సభ్యుల్లో ఒకరిని వెంట తెచ్చుకోవచ్చు.

భవదీయుడు,

(సంతకం)
ఎం. శ్రీనివాసరావు
మేనేజింగ్ పార్టనర్

జతపరచినవి: రెండు హెచ్చరిక మెమోల ప్రతులు, పనితీరు మెరుగుదల ప్రణాళిక, పొడిగింపు ఉత్తర్వు, వారపు పరిశీలన పత్రాలు, చివరి లెక్క పట్టిక, అప్పగింత పత్రం నమూనా.

ప్రతులు: హెచ్‌ఆర్ విభాగం (వ్యక్తిగత ఫైలు నిమిత్తం), అకౌంట్స్ విభాగం (చెల్లింపు నిమిత్తం, చివరి లెక్క పట్టిక మాత్రమే).

ఉద్యోగి స్వీకృతి: పై ఉత్తర్వు ప్రతిని, జతపరచిన పత్రాలతో సహా 23 ఆగస్టు 2024న అందుకున్నాను. ఈ సంతకం అందుకున్నందుకు మాత్రమే, ఇందులోని విషయాలకు నా అంగీకారంగా దీన్ని భావించరాదు.

(సంతకం)
పి. రవికుమార్